ఫో పా, సావ్‌వార్ ఫేర్: ఎక్కడ వాడాలి?

ఇంగ్లిష్‌లో ఫో పా అనే మాట కనిపిస్తే దాన్ని మామూలు తప్పు అనుకోకండి. ఫ్రెంచిలో దాని అర్థం తప్పటడుగు. ఇంగ్లిష్‌లో మాత్రం నలుగురిలో మర్యాద తప్పడానికే వాడతారు. లెక్క తప్పితే, స్పెల్లింగ్ తప్పితే అది ఫో పా కాదు. గర్భవతి కాని ఆవిడని "డెలివరీ ఎప్పుడండీ?" అని అడిగేశారనుకోండి, అది అసలైన ఫో పా. దీనితో మేక్ గానీ కమిట్ గానీ వాడాలి. బహువచనానికి స్పెల్లింగ్ మారదు, పలికేటప్పుడు మాత్రం ఫో పాజ్ అంటారు.

సావ్‌వార్ ఫేర్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మాటకు మాట అర్థం చూస్తే, చేయడం తెలిసి ఉండటం. ఇంగ్లిష్‌లో ఇది ఎక్కువగా ఏ సందర్భంలో ఎలా మెలగాలో తెలిసిన నేర్పు. ఆ ఇబ్బందికరమైన ప్రశ్న విని, ఎవరూ నొచ్చుకోకుండా మాట మార్చగలిగిన మనిషికి అది ఉన్నట్టు. ఫ్రెంచివాళ్లు మాత్రం పనితనం అనే అర్థంలో వాడతారు. తోలు సంచులు కుట్టే కార్మికుల సావ్‌వార్ ఫేర్ అని ఫ్రెంచి కంపెనీ రాస్తే, అది వాళ్ల చేతిపని గురించే, మర్యాద గురించి కాదు. మర్యాదగా మెలగడానికి ఫ్రెంచిలో సావ్‌వార్ వివ్ర్ అనే వేరే మాట ఉంది.

అందుకే రెజ్యూమెలో టెక్నికల్ నైపుణ్యానికి సావ్‌వార్ ఫేర్ అని రాయకండి, స్కిల్ అంటే చాలు.