నడక షాట్: ఓకే చెప్పే ముందు చూడాల్సినవి

నమస్కారం అండీ,

నడక షాట్‌కి ముఖ్యమైన పోజులు మాత్రమే ఉన్న బ్లాకింగ్ ప్రివ్యూ పంపాను. ఓకే చెప్పే ముందు ఇవి ఒకసారి చూసుకోండి.

- అనుకున్నట్టు మార్పులు రెండు విడతలు. రెండూ ఈ దశలోనే వాడుకోండి. ఇప్పుడు పోజ్ మార్చాలంటే కొన్ని కీఫ్రేమ్‌లు కదిపితే చాలు. పోజుల మధ్య కదలిక నింపే స్ప్లైన్ దశ అయ్యాక అదే మార్పుకి భుజం, మోచేయి, జడ ఊపు అన్నీ మళ్లీ సరిచేయాలి, కాబట్టి దానికి విడిగా బిల్లు వేస్తాను. పాదం నేల మీద జారడం లాంటి నా తప్పులు ఈ లెక్కలోకి రావు.

- టీమ్ అందరి మాటా ఒకే మెయిల్‌లో, ఫ్రేమ్ నంబర్‌తో పంపండి. "చెయ్యి బాలేదు" అంటే నేను ఊహించుకోవాలి. "38వ ఫ్రేమ్‌లో కుడి చెయ్యి ముఖానికి అడ్డొస్తోంది" అంటే వెంటనే దిద్దేస్తాను.

- ప్రివ్యూ H.264 MP4 ఫైల్. అందులో ఆల్ఫా ఉండదు, కంపోజిటింగ్‌కి వాడొద్దు. ఫైనల్‌గా PNG సీక్వెన్స్ ఇస్తాను, స్ట్రెయిట్ ఆల్ఫాతో. సింగిల్ ఫైల్ కావాలంటే ProRes 4444 MOV ఇస్తాను, అందులో ఆల్ఫా ప్రీమల్టిప్లైడ్. దాన్ని స్ట్రెయిట్‌గా చదివితే జుట్టు చుట్టూ నల్లటి గీత కనిపిస్తుంది. పోయినసారి ఒక క్లయింట్ దాన్ని రెండర్ లోపం అనుకున్నారు, ఇద్దరికీ ఒకరోజు టెన్షన్!

- PNG ఫైళ్లు ఫ్రేమ్ రేట్ మోసుకురావు. ఇంపోర్ట్‌లో 24 పెట్టండి. పొరపాటున 30 ఉంటే 96 ఫ్రేమ్‌ల నడక 4 సెకన్లకు బదులు 3.2లో అయిపోతుంది, పాత్ర పరుగెత్తినట్టుంటుంది.

PNGనా, MOVనా అన్నది ఓకేతో పాటే చెప్పండి.