నోటీసు రాసేటప్పుడు విశేషణం ఎక్కడ పెట్టాలి, ‘మాత్రమే’ ఎక్కడ పెట్టాలి?

ఊళ్ళో కంటి పరీక్షల క్యాంపుకి నోటీసు రాయాలనుకోండి, ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది:

“60 ఏళ్ళు నిండిన పురుషులు, మహిళలకు ఆదివారం మాత్రమే కంటి పరీక్షలు ఉచితం.”

చదవడానికి బాగానే ఉంటుంది, రాసినవాళ్ళకి అందులో తప్పేం కనపడదు. కానీ 35 ఏళ్ళ ఆవిడ పిల్లని చంకనేసుకుని ఆటోకి డబ్బులు పెట్టుకుని వచ్చి లైన్లో నిలబడ్డాక, టేబుల్ దగ్గర కూర్చున్న అబ్బాయి “మీకు కాదమ్మా” అంటే ఆవిడ చదివింది తప్పా? కానే కాదు. 60 ఏళ్ళ మాట పురుషులకే అనుకుంది, వాక్యం ఆ అర్థం కూడా ఇస్తోంది మరి. ఇంగ్లీషులో “ఓల్డ్ మెన్ అండ్ విమెన్” అని వ్యాకరణం పాఠాల్లో చెప్పే గొడవ ఇదే, విశేషణం ఎంతవరకు పాకుతుందో వాక్యంలో ఎక్కడా ఉండదు. దీన్ని సరిచేయడం కష్టం కాదు, కానీ అందరూ ఒకేచోట పాడుచేస్తారు, అందుకే ఆ ఒక్కచోటు గురించి ఎక్కువ రాస్తున్నా.

కావాల్సినవి: కాగితం, పెన్ను, ఇంకా ఆ క్యాంపు గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు. అంతే. ఫోన్లో టైప్ చేసుకున్నా పర్లేదు కానీ చివర్లో పైకి చదవాలి, కళ్ళతో చదివితే లెక్కలోకి రాదు.

స్టెప్ 1: వాక్యంలో జాబితాలు ఎక్కడున్నాయో గీతలు పెట్టండి. ఇక్కడ “పురుషులు, మహిళలు” ఒక జాబితా. దాని ముందున్న “60 ఏళ్ళు నిండిన” అనేదాని కింద ఇంకో గీత. అయిపోయింది.

స్టెప్ 2: నలుగురు మనుషుల్ని ఊహించుకోండి, 65 ఏళ్ళ పెద్దాయన, 65 ఏళ్ళ పెద్దావిడ, 40 ఏళ్ళ మగమనిషి, 35 ఏళ్ళ ఆడమనిషి. ఒక్కొక్కరికీ ఉచితమా కాదా అని రాయండి. మొదటి ముగ్గురి విషయంలో అనుమానం రాదు, చిక్కంతా 35 ఏళ్ళ ఆవిడ దగ్గరే. క్యాంపు పెట్టేవాళ్ళని అడిగి ఆవిడ సంగతి తేల్చుకోండి. మీరే ఊహించేసి రాయొద్దు, చాలాసార్లు వాళ్ళు కూడా అప్పటిదాకా ఆలోచించి ఉండరు.

స్టెప్ 3: ఇదే అసలు స్టెప్, దీన్ని తొందరగా దాటొద్దు.

ఇద్దరికీ 60 నిండాలన్నదే మీ ఉద్దేశం అయితే పని సులువు. తెలుగులో ద్వంద్వ సమాసం ఉంది కదా, దాన్ని వాడండి: “60 ఏళ్ళు నిండిన స్త్రీపురుషులకు”. రెండు మాటలూ అతుక్కుని ఒకే మాట అయిపోయాయి కాబట్టి విశేషణం సగానికి ఆగడానికి వీల్లేదు. “పేద తల్లిదండ్రులు” అంటే తల్లి ఒక్కతే పేద అని ఎవరూ అనుకోరు, అదే కారణం. కాకపోతే ఈ దారి అన్నిటికీ ఉండదు, డ్రైవర్లు కండక్టర్లు అన్నప్పుడు అతికించడానికి సమాసం లేదు. అప్పుడు విశేషణాన్ని రెండుసార్లు రాయాలి, “అనుభవం ఉన్న డ్రైవర్లు, అనుభవం ఉన్న కండక్టర్లు” అని. రెండుసార్లు రాస్తే అందంగా ఉండదని కొందరు ఒప్పుకోరు, నోటీసుకి అందంతో పనిలేదు.

మహిళలకి వయసు పట్టింపు లేదు, పురుషులకి మాత్రం 60 నిండాలి, ఇదీ ఉద్దేశం అయితే జాగ్రత్తగా ఉండాలి. అందరూ చెప్పే చిట్కా ఏంటంటే విశేషణం లేనిదాన్ని ముందుకు తెచ్చేయడం. తెలుగులో విశేషణం ఎప్పుడూ ముందుంటుంది, తన తర్వాత వచ్చేవాటి మీదే పడుతుంది, కాబట్టి మహిళల్ని ముందు పెడితే వాళ్ళ మీద పడదు అని. “పట్టుచీరలు, పాత పుస్తకాలు” లాంటి చోట ఈ చిట్కా బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పట్టుచీరలు పాతవని ఎవరూ అనుకోరు. సరే మన నోటీసులో పెట్టి చూడండి:

“మహిళలకు, 60 ఏళ్ళు నిండిన పురుషులకు ఉచితం.”

ఇప్పుడు దీన్ని ఆటోకి మైకు కట్టి వీధుల్లో చదివినట్టు పైకి చదవండి. “మహిళలకు 60 ఏళ్ళు నిండిన...” అని వినపడుతోందా? తెలుగులో ఏళ్ళు నిండేది ఎవరి“కి”? నాకు 60 నిండాయి, ఆయనకి 60 నిండాయి అంటాం. అంటే “నిండిన” అనే మాట తన ఎడమపక్కన “కు”తో ఉన్న మనిషిని లోపలికి లాగేసుకుంటుంది. విశేషణం బారి నుంచి మహిళల్ని తప్పిద్దామని ముందుకు తెస్తే వాళ్ళు నేరుగా దాని కడుపులోకి వెళ్ళిపోయారు. చివరికంటా విని ఆలోచించుకుంటే అర్థం కుదురుకుంటుంది, కానీ వీధిలో నడుస్తూ సగం మాట వినేవాళ్ళకి అంత తీరిక ఉండదు.

ఇది “నిండిన” ఒక్కదాని గొడవ కాదు. చేసిన, ఉన్న, వచ్చిన, రాసిన, ఇలా క్రియ నుంచి పుట్టిన విశేషణం ఏదైనా సరే ఎడమపక్క ఉన్నవాటిని తనలో కలిపేసుకుంటుంది. “కూలీలు, పొలం ఉన్న రైతులు రావాలి” అని రాశారనుకోండి, కూలీలూ పొలమూ రెండూ ఉన్న రైతులు రావాలని కూడా చదవొచ్చు, అప్పుడు కూలీలు ఇంట్లోనే ఉండిపోతారు. పాత, కొత్త, చిన్న, పేద లాంటి మామూలు విశేషణాలకి ఈ ఆకలి లేదు. అందుకే నేను పెట్టుకున్న రూలు ఏంటంటే, మామూలు విశేషణం అయితే తారుమారు చేసుకోండి, క్రియ నుంచి పుట్టిందైతే వాక్యాన్ని రెండుగా కోసేయండి:

“మహిళలు ఏ వయసువాళ్ళైనా రావచ్చు. పురుషులకు 60 ఏళ్ళు నిండి ఉండాలి.”

షరతు వాక్యం చివరికి వెళ్ళి పూర్తి క్రియ అయింది, ఇక దానికి పాకే అవకాశం లేదు. ఒక వాక్యం ఎక్కువైతే ఎక్కువైంది.

కామా పెడితే చాలు కదా అనేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. కామా వల్ల రెండు పేర్లు వేరని తెలుస్తుంది గానీ విశేషణం ఎక్కడ ఆగిందో తెలియదు, మొదటి నోటీసులో కామా ఉంది కదా, ఏం తేల్చింది? పైగా మైకులో కామా వినపడదు. “పురుషులకూ, మహిళలకూ” అని దీర్ఘం తీయమనేవాళ్ళు కాస్త నయం, విడివిడిగా వినపడతాయి, కానీ 35 ఏళ్ళ ఆవిడకి అప్పటికీ జవాబు రాదు. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన గొడవ కూడా ఇలాంటిదే. ఆటోమేటిక్‌గా ఫోన్లు కలిపే మెషిన్ల చట్టంలో, నంబర్లని స్టోర్ చేయడం లేదా తయారుచేయడం అని రెండు పనులు చెప్పి, కామా పెట్టి, చివర్లో ఒక షరతు పెట్టారు. ఆ షరతు రెండు పనులకా, చివరిదానికేనా అన్నది ఫేస్‌బుక్ మీద వేసిన కేసులో 2021లో తేలింది, రెండిటికీ అని. అక్కడ కామా ఒక ఆధారంగా పనికొచ్చింది నిజమే, కానీ అది చెప్పడానికి జడ్జిలు కూర్చోవాల్సి వచ్చింది. క్యాంపు టేబుల్ దగ్గర జడ్జి ఉండడు కాబట్టి రెండు వాక్యాలు రాయండి.

స్టెప్ 4: ‘మాత్రమే’. ఇది పైదానికంటే తేలిక, ఎందుకంటే తెలుగులో ‘మాత్రమే’ తన ముందున్న మాటనే పట్టుకుంటుంది. ఇంగ్లీషులో “ఓన్లీ” క్రియ ముందు కూర్చుని ఎటైనా చూస్తుంది, గొంతు నొక్కి చెప్తే తప్ప దేన్ని అంటుందో తెలియదు. మనకి ఆ ఇబ్బంది లేదు, కానీ ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకుని రాసేవాళ్ళు దాన్ని కొని తెచ్చుకుంటారు. “మేము మాత్రమే నగదు తీసుకుంటాం” అని షాపు ముందు బోర్డు పెడితే ఊళ్ళో ఇంకెవరూ నగదు తీసుకోరని అర్థం, వాళ్ళు చెప్పాలనుకున్నది “నగదు మాత్రమే తీసుకుంటాం” అని.

మన నోటీసులో “ఆదివారం మాత్రమే కంటి పరీక్షలు ఉచితం” అంటే మిగతా రోజుల్లో ఫీజు ఉంటుందని. “ఆదివారం కంటి పరీక్షలు మాత్రమే ఉచితం” అంటే పరీక్ష ఉచితమే గానీ కళ్ళజోడుకి, మందులకి డబ్బులు కట్టాలని. ఒక మాట జరిగితే జేబులోంచి డబ్బులు తీసే మనిషి మారిపోతాడు. ఏది కావాలో తెలుసుకోవడానికి ‘మాత్రమే’ తర్వాత “ఇంకోటి కాదు” అని పూర్తిచేసి చూడండి. ఆదివారం మాత్రమే, సోమవారం కాదు. పరీక్షలు మాత్రమే, కళ్ళజోళ్ళు కాదు. ఆ ఇంకోటి ఏంటో మీరు చెప్పలేకపోతే ‘మాత్రమే’ అక్కడ అక్కర్లేదు, తీసేయండి.

జాబితా వచ్చిందంటే ‘మాత్రమే’ కూడా మొరాయిస్తుంది. “ఉదయం పెద్దలకు, సాయంత్రం పిల్లలకు మాత్రమే” అంటే ఉదయం పిల్లలు రావచ్చా? రాకూడదంటే రెండుచోట్లా రాయండి, “ఉదయం పెద్దలకు మాత్రమే, సాయంత్రం పిల్లలకు మాత్రమే”. ‘మాత్రమే’ బదులు “ఆదివారమే” అని ఏత్వం పెట్టేస్తే సరిపోతుందనుకోవద్దు. ఆదివారమే వచ్చేయండి అన్నప్పుడు మిగతా రోజులు వద్దనా, ఈ ఆదివారానికే వచ్చేయమనా? మాట్లాడేటప్పుడు గొంతుని బట్టి తెలుస్తుంది, కాగితం మీద తెలియదు.

ఇంకో మాట, ‘మాత్రమే’ ఉన్న వాక్యాన్ని లేదు, కాదు, రాదు లాంటి వాటితో ముగించకండి. “సోమవారం మాత్రమే డాక్టర్ గారు చూడరు” అంటే సోమవారం సెలవు అని కొందరు, సోమవారం ఒక్కరోజే చూస్తారనుకోవద్దు, వేరే రోజుల్లోనూ చూస్తారు అని కొందరు చదువుతారు. “సోమవారం సెలవు. మిగతా అన్ని రోజులూ చూస్తారు” అని రాయండి. “అందరూ రాలేదు” కూడా ఇలాంటిదే, కొందరు రాలేదా, ఒక్కరూ రాలేదా అని అడగాల్సి వస్తుంది. “కొంతమంది రాలేదు”, “ఎవరూ రాలేదు”, ఈ రెండిట్లో ఒకటి తీసుకోండి.

స్టెప్ 5: ఏమీ తెలియని మనిషికి ఒక్కసారే చదివి వినిపించి, 35 ఏళ్ళ ఆవిడ రావచ్చా, కళ్ళజోడు ఉచితమా అని అడగండి. తడుముకున్నా, “మళ్ళీ చదవండి” అన్నా స్టెప్ 3కి వెళ్ళాలి. మన నోటీసు చివరికి ఇలా తేలింది:

“ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు కంటి పరీక్షలు. మహిళలు ఏ వయసువాళ్ళైనా రావచ్చు. పురుషులకు 60 ఏళ్ళు నిండి ఉండాలి. పరీక్షకు డబ్బులు తీసుకోరు. కళ్ళజోడుకు, మందులకు డబ్బులు కట్టాలి. మిగతా రోజుల్లో పరీక్షకు కూడా ఫీజు ఉంటుంది.”

‘మాత్రమే’ ఒక్కటి కూడా మిగల్లేదు చూడండి, ఎవరు ఏం కట్టాలో నేరుగా చెప్పేశాక దాని అవసరం పడలేదు. నోటీసు రెండు లైన్లు పెరిగింది, ఫ్లెక్సీలో పట్టకపోతే కింద వేసే ఫోటోలు తగ్గించుకోండి, వాక్యాలు కలపొద్దు.