ఖాతాలో డబ్బుంది, ఆటోపే మాత్రం ఫెయిలైంది

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరి ఒక జిమ్‌కు నేను కట్టే నెలవారీ ఫీజు యూపీఐ ఆటోపేలో కట్ కావడం ఆగిపోయింది. ఖాతాలో బ్యాలెన్స్ సరిపడా ఉంది, ఆటోపేకు నేను ఇచ్చిన అనుమతి, అంటే మాండేట్ కూడా యాక్టివ్‌గానే కనిపిస్తోంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది బ్యాలెన్స్ కాదు, యాప్‌లో ఆటోపే విభాగంలో కనిపించే ఆ మాండేట్ గరిష్ఠ మొత్తం.

అక్కడ రూ.1,000 అని ఉంది. జిమ్ ఈసారి పాత ఫీజు మీద 5 శాతం జీఎస్టీ విడిగా కలిపి రూ.1,050 అడిగింది. మనం పిన్ కొట్టి ఒప్పుకున్న పరిమితికి రూపాయి మించినా ఆ డెబిట్ తిరస్కరణకు గురవుతుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించినా ఫలితం అదే.

పరిష్కారం ఇలా కుదిరింది: పాత మాండేట్ రద్దు చేశాను, జిమ్ వాళ్లు రూ.1,500 గరిష్ఠంతో కొత్తది పంపారు, పిన్ కొట్టి ఆమోదించాను. ఆగిన నెల ఫీజు విడిగా క్యూఆర్‌తో కట్టాను. కొత్తది రాకముందే పాతది తీసేయడం మంచిది. రెండూ ఉంటే రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది.

డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు వచ్చే మెసేజ్‌ను చదవకుండా తుడిచేయకండి. అందులో మొత్తం ఉంటుంది, దాన్ని మాండేట్ పరిమితితో పోల్చితే తేడా ముందే తెలుస్తుంది.

కార్డుకైనా ఇదే పద్ధతి. రెండింటిలోనూ మామూలు చెల్లింపు రూ.15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లుకు ఆ హద్దు రూ.1 లక్ష.