ఎత్తుపల్లాల రోడ్డుపై క్రూయిజ్ కంట్రోల్ కన్నా స్పీడ్ లిమిటర్ మేలు

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు 44వ జాతీయ రహదారిపై వెళ్లేవారు ఒక తేడా గమనించాలి. యాక్సిలరేటర్ తొక్కకుండానే పెట్టిన వేగాన్ని నిలిపే సాధారణ క్రూయిజ్ కంట్రోల్‌కు తెలిసింది వేగం ఒక్కటే, ముందున్న ఎత్తు దానికి కనిపించదు. గంటకు 90 కి.మీ. వద్ద పెట్టి వదిలేస్తే, ఎత్తు మొదలై వేగం తగ్గగానే అది థ్రాటిల్‌ను బాగా తెరుస్తుంది. ఆటోమేటిక్ కారైతే గేరు కూడా దిగి, ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంధనం అనవసరంగా ఖర్చయ్యేది అక్కడే.

స్పీడ్ లిమిటర్‌లో యాక్సిలరేటర్ మన పాదం కిందే ఉంటుంది, లిమిటర్ వేగాన్ని 90 దాటనివ్వదు, అంతే. కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు, వెనుక వాహనాలకు ఇబ్బంది లేకపోతే, పాదాన్ని అలాగే ఉంచి వేగాన్ని 80 వరకు తగ్గనివ్వండి. శిఖరం దాటాక వాలే ఆ వేగాన్ని తిరిగి ఇస్తుంది. దిగేటప్పుడు గేరులోనే ఉంచి పాదం తీసేస్తే, నేటి ఇంజిన్లలో ఇంధన సరఫరా దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఆ లాభం ఉండదు.

అయితే ఈ రెండు సాధారణ వ్యవస్థలూ చాలా కార్లలో బ్రేకు వేయవు, కనుక నిటారు వాలులో వేగం 90 దాటిపోగలదు. ఓవర్‌టేక్ తప్పనిసరైతే యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కండి, సాధారణంగా లిమిటర్ తాత్కాలికంగా తప్పుకుంటుంది. క్రూయిజ్‌ను చదునైన, ఖాళీ రోడ్డుకే ఉంచుకోండి. వానలో, ఘాట్ మలుపుల్లో వాడకండి.