స్టిల్ట్ అపార్ట్‌మెంట్ డీబీఆర్ వెనక్కి వచ్చిందా? జోన్, R, ఇర్రెగ్యులారిటీ: సమస్య - పరిష్కారం

విజయవాడలో కింద గోడల్లేని స్టిల్ట్ పార్కింగ్, పైన 5 అంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఎత్తు 18 మీటర్లు, లెక్కిస్తున్న దిశలో పొడవు 20 మీటర్లు, భూకంప లెక్కకు తీసుకునే బరువు 18,000 కిలోన్యూటన్లు, నేల మధ్యరకం. ఉండేవాళ్ళు 200 మంది లోపే కాబట్టి ప్రాముఖ్యతా గుణకం I = 1. డిజైన్‌కి ఆధారాలన్నీ రాసే రిపోర్టు అయిన డీబీఆర్‌ని హైదరాబాద్‌లో చేసిన పాత ప్రాజెక్టు ఫైల్ నుంచి తయారుచేశారు. కింది లెక్కలన్నీ భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893 (భాగం 1) 2016 ముద్రణ ప్రకారం. ఏ ముద్రణ వాడారో డీబీఆర్ మొదటి పేజీలోనే రాయాలి.

సమస్య 1: బేస్ షియర్ మరీ తక్కువగా వస్తోంది

బేస్ షియర్ అంటే భూకంపంలో భవనం అడుగున పడే మొత్తం అడ్డు బలం. రిపోర్టులో అది 374 కిలోన్యూటన్లు ఉంది. కోడ్ చెప్పే కనీస పరిమితి దాటింది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. చూసినవాళ్ళకూ అనుమానం రాదు.

కారణాలు రెండు. హైదరాబాద్ భూకంప జోన్ 2, అక్కడ జోన్ గుణకం Z = 0.10. విజయవాడ జోన్ 3, ఇక్కడ Z = 0.16. పాత ఫైల్‌లోని అంకె అలాగే ఉండిపోయింది. రెండోది, భవనం ఊగే కాలాన్ని గోడలు లేని ఫ్రేమ్ సూత్రంతో లెక్కించారు, 0.655 సెకన్లు వచ్చింది. నిజానికి పై అంతస్తుల నిండా ఇటుక గోడలున్నాయి. కాలం ఎక్కువైతే బలం తక్కువ వస్తుంది.

పరిష్కారం ఇది. ఇక్కడ T ఊగే కాలం, Sa/g ఆ కాలానికి కోడ్ ఇచ్చే త్వరణ గుణకం, R బలాన్ని తగ్గించుకునే గుణకం, Ah బరువులో ఎంత భాగం భూకంప బలమో చెప్పేది, VB బేస్ షియర్:

```
T  = 0.09 h / √d = 0.09 × 18 / √20 = 0.36 s  →  Sa/g = 2.5
Ah = (Z/2) × (I/R) × (Sa/g) = 0.08 × (1/5) × 2.5 = 0.04
VB = 0.04 × 18000 = 720 kN
```

అంటే ముందు డిజైన్ చేసింది కావలసిన బలంలో సగానికే. డైనమిక్ అనాలిసిస్‌లో ఇంతకన్నా తక్కువ వస్తే, ఆ ఫలితాలను ఈ 720కి తగ్గట్టు పెంచాలి.

సమస్య 2: రిపోర్టులో R = 5, డ్రాయింగుల్లో 230 మి.మీ. కాలమ్‌లు

R = 5 అంటే భవనం విరిగిపోకుండా వంగి, సాగి, శక్తిని తట్టుకుంటుందన్న భరోసాతో బలాన్ని అయిదో వంతుకు తగ్గించుకుంటున్నాం. ఆ భరోసా ఐఎస్ 13920 ప్రకారం చేసే డిటైలింగ్ నుంచి వస్తుంది. తొమ్మిదంగుళాల గోడలో కలిసిపోవాలని మనవాళ్ళు వేసే 230 మి.మీ. కాలమ్ దానికి సరిపోదు. కనీసం 300 మి.మీ. ఉండాలి. బీమ్‌లో 16 మి.మీ. కడ్డీ ఉంటే దానికి 20 రెట్లు, అంటే 320 మి.మీ. కావాలి.

R = 3 పెట్టి మామూలు ఫ్రేమ్‌గా చూపిద్దామంటే కుదరదు. జోన్ 3 నుంచి ఆ ఫ్రేమ్‌కి అనుమతి లేదు. కాబట్టి కాలమ్ సైజు మార్చాలి, జాయింట్ల దగ్గర రింగులు 100 మి.మీ.కి మించని ఎడంతో వేయాలి, కొక్కేలు 135 డిగ్రీలు వంచాలి. ఆర్కిటెక్ట్‌తో ఈ మాట ప్లాన్ ఖరారయ్యే ముందే తేల్చుకోవాలి. తర్వాతైతే ప్రతి గదిలో కాలమ్ పొడుచుకొస్తోందని గొడవ మొదలవుతుంది.

సమస్య 3: "ఇర్రెగ్యులారిటీ: లేదు" అని ఉంది, కింద చూస్తే స్టిల్ట్

ఇర్రెగ్యులారిటీ అంటే అంతస్తుల బిగువులోనో, గోడల అమరికలోనో తేడా ఉండటం. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఈ ఒక్క లైను. 2001 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలా కింద ఖాళీగా ఉన్నవి చాలా ఉన్నాయి.

డిజైనర్ అబద్ధం రాయలేదు. మోడల్‌లో ఇటుక గోడలను బరువుగా మాత్రమే ఇచ్చారు. అప్పుడు అన్ని అంతస్తుల స్టిఫ్‌నెస్ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. గోడలను ఐమూలగా ఉండే స్ట్రట్‌లుగా పెట్టి మళ్ళీ నడిపితే అసలు సంగతి బయటపడుతుంది. పై అంతస్తులు పెట్టెలా బిగుసుకుంటాయి, కదలికంతా స్టిల్ట్ కాలమ్‌ల మీదే పడుతుంది.

పరిష్కారం, రెండు దిశల్లోనూ కాంక్రీటు గోడలు. వీటితో స్టిల్ట్ స్టిఫ్‌నెస్ పై అంతస్తు దానిలో 80 శాతం, బలం 90 శాతం దాటాలి. ఇక్కడ చాలామంది లిఫ్ట్ చుట్టూ గోడలు వేసేసి పని అయిందనుకుంటారు. లిఫ్ట్ ఒక మూలన ఉంటే భవనం మెలితిరుగుతుంది. ఉదాహరణకు ఒక చివర 6 మి.మీ., రెండో చివర 15 మి.మీ. కదిలితే నిష్పత్తి 2.5. కోడ్ ప్రకారం 2 దాటితే గోడల అమరికే మార్చాలి. రెండో చివర కూడా గోడలు వేసి, ఈ నిష్పత్తిని 1.5 లోపుకు తేవడం మంచిది.

గోడలు వచ్చాక R మళ్ళీ చూడాలి. ఫ్రేమ్‌లు ఒంటరిగా బేస్ షియర్‌లో కనీసం 25 శాతం మోయగలిగితేనే, గోడలూ ఫ్రేమ్‌లూ కలిసి మోసే డ్యూయల్ సిస్టమ్ కింద R = 5 నిలుస్తుంది. లేకపోతే డ్యాక్టైల్ గోడల R = 4 తీసుకోవాలి. అప్పుడు బేస్ షియర్ 720 నుంచి 900కి పెరుగుతుంది, పునాదుల లెక్క కూడా మళ్ళీ చేయాలి.