ప్రొపెన్సిటీ స్కోర్ మ్యాచింగ్ ఎలా చేయాలి? చేశాక కూడా తేలకుండా మిగిలేదేమిటి?

"మ్యాచింగ్ తర్వాత రెండు గ్రూపులూ అన్ని విధాలా సమానమయ్యాయి." రివ్యూకి వచ్చే పేపర్లలో ఈ వాక్యం కనబడితే చాలు, నాకు చిరాకు మొదలవుతుంది. సమానమైంది మీరు కొలిచిన వాటిలోనే. కొలవని వాటి సంగతి మ్యాచింగ్‌కి తెలియదు, తెలిసే దారీ లేదు. ప్రొపెన్సిటీ స్కోర్ అంటే ఒక రోగికి చికిత్స అందే అవకాశం ఎంతో చెప్పే అంచనా. ఆ స్కోరు దగ్గరగా ఉన్నవారిలో చికిత్స అందినవారిని, అందనివారితో జత కట్టడమే మ్యాచింగ్. పద్ధతి చెప్తాను, కానీ మొదటి మూడు దశలూ త్వరగా ముగించేస్తాను. అవి చాలావరకు సాఫ్ట్‌వేర్ చేసి పెట్టేవే. చెడేదంతా నాలుగో దశలో.

ఉదాహరణకి 1996లో JAMAలో కానర్స్ బృందం వేసిన పేపర్ తీసుకుందాం. ఐసీయూలో చేరిన తొలి 24 గంటల్లో గుండె కుడి వైపుకి పంపే సన్నని గొట్టం, అంటే కుడి గుండె కాథెటర్, వేస్తే రోగికి మేలా, కీడా అన్నది ప్రశ్న. మొత్తం 5,735 మంది, అందులో కాథెటర్ వేసింది 2,184 మందికి. ఆ డేటా `rhc` పేరుతో ఇప్పుడు అందరికీ దొరుకుతుంది, చేయి తిరగడానికి దాన్నే వాడండి.

మొదటి దశ: వేరియబుల్స్ ఎంచుకోవడం. చికిత్స మొదలుకాకముందే తెలిసినవి, ఫలితంతో సంబంధమున్నవి మాత్రమే తీసుకోండి. చికిత్స తర్వాత కొలిచినవి వద్దు. చికిత్స ఎవరికి అందుతుందో మాత్రమే నిర్ణయించి, ఫలితాన్ని ఏ రకంగానూ తాకనివీ వద్దు. అలాంటివి చేర్చితే, చికిత్సనీ ఫలితాన్నీ రెంటినీ కదిలించే కొలవని కారణాల వల్ల, అంటే కొలవని కన్‌ఫౌండింగ్ వల్ల, వచ్చే తప్పు తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. ఈ జాబితాని కంప్యూటర్‌కి వదిలేయకండి. కానర్స్ బృందం ఏడుగురు ఐసీయూ నిపుణులను కూర్చోబెట్టి, కాథెటర్ వేయాలా వద్దా అన్నది దేన్ని బట్టి నిర్ణయిస్తారో అడిగి మరీ జాబితా రాసుకుంది.

రెండో దశ: జతలు కట్టడం. `rhc` డేటాని R లోకి లోడ్ చేసుకుంటే ఇదంతా రెండు నిమిషాల పని. కింద వేరియబుల్స్ జాబితా కుదించి రాశాను, అసలుది చాలా పెద్దది.

```r
library(MatchIt)
rhc$tr <- as.integer(rhc$swang1 == "RHC")
m <- matchit(tr ~ age + sex + cat1 + aps1 + meanbp1 + pafi1 + crea1,
             data = rhc, link = "linear.logit",
             caliper = 0.2, std.caliper = TRUE)
summary(m)
```

ఒకరికి ఒకరే జత. జతలోని ఇద్దరి స్కోర్ల మధ్య ఒప్పుకునే గరిష్ఠ తేడా, అంటే కాలిపర్, లాజిట్ మీద 0.2 స్టాండర్డ్ డీవియేషన్. ఒకరికి ముగ్గురిని కట్టడం నాకు నచ్చదు, మూడో మనిషి ఎప్పుడూ దూరపు చుట్టమే. జతలు కట్టకుండా, స్కోరుని బట్టి ఒక్కో రోగికి ఒక్కో బరువు ఇచ్చే వెయిటింగే మేలని వాదించేవాళ్లున్నారు. సరే, స్కోరు 0.98 ఉండి కూడా కాథెటర్ పడని ఒక్క రోగి వాళ్ల లెక్కలో 50 మందితో సమానమవుతాడు. ఆ ఒక్కడి బతుకో చావో పేపర్ ఫలితాన్ని తిప్పేయడం నాకు సమ్మతం కాదు.

మూడో దశ: బ్యాలెన్స్ చూడటం. ప్రతి వేరియబుల్‌కీ స్టాండర్డైజ్డ్ తేడా 0.1 లోపు ఉండాలి. పీ-వాల్యూలు చూడకండి, జతలు కట్టాక మనుషులు తగ్గుతారు కాబట్టి బ్యాలెన్స్ ఏమాత్రం మెరుగుపడకపోయినా పీ-వాల్యూలు వాటంతటవే పెరుగుతాయి. చికిత్స ఎవరికి అందిందో స్కోర్ మోడల్ ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే సీ-స్టాటిస్టిక్ గొప్పగా ఉందని మురవకండి, అది మరీ ఎక్కువుంటే రెండు గ్రూపులకీ పోలికే లేదని అర్థం. జత దొరకక బయట పడ్డవాళ్లెవరో కూడా రాయండి. కానర్స్ పేపర్లో 1,008 జతలే కుదిరాయి, అంటే కాథెటర్ వేసినవాళ్లలో 1,176 మంది లెక్కలోకే రాలేదు. వచ్చిన ఫలితం జత కుదిరినవాళ్లకే వర్తిస్తుంది.

నాలుగో దశ: కొలవనిదాన్ని ఎదుర్కోవడం. ఇక్కడ తొందరపడకండి.

కానర్స్ పేపర్లోని ఆ 1,008 జతల్లో 30 రోజుల మరణాలకి ఆడ్స్ రేషియో 1.24 వచ్చింది, 95% ఇంటర్వల్ 1.03 నుంచి 1.49. చూడగానే కాథెటర్ ప్రాణాలు తీస్తోందనిపిస్తుంది. తర్వాత బ్రిటన్‌లోని 65 ఐసీయూల్లో వెయ్యి మందికి పైగా రోగులను చీటీ తీసినట్టు రెండు గ్రూపులుగా పంచి ప్యాక్-మ్యాన్ ట్రయల్ చేశారు. 2005లో ఫలితం వచ్చింది: కాథెటర్ గ్రూపులో ఆసుపత్రి మరణాలు 68%, రెండో గ్రూపులో 66%. చెప్పుకోదగ్గ తేడా లేదు. రోగులూ కాలమూ వేరు కాబట్టి ఒకటి రెండోదాన్ని పూర్తిగా కొట్టేసిందని అనను. కానీ 1.24 అంత బలమైన అంకె కాదన్నది మాత్రం స్పష్టం.

ఎందుకు కాదో మంచం పక్కన నిలబడి చూడండి. ఇద్దరు రోగులు. వయసు, బీపీ, క్రియాటినిన్ అన్నీ ఒకటే. సెలైన్ ఎక్కించాక ఒకరి బీపీ మెల్లగా కోలుకుంటోంది. రెండోవారి బీపీ పడిపోతూనే ఉంది, చేతులు చల్లబడుతున్నాయి. డాక్టర్ కాథెటర్ వేసేది రెండోవారికే. డేటాలో తొలి రోజు బీపీ అంకె ఒక్కటే ఉంది, అది ఎటు పోతోందో లేదు. మ్యాచింగ్ ఈ ఇద్దరినీ చక్కగా జత కడుతుంది, టేబుల్లో తేడా సున్నా వస్తుంది. రెండోవారు చనిపోతే తప్పు కాథెటర్ మీద పడుతుంది.

ఇలాంటిది ఎంత బలంగా ఉంటే ఫలితం తారుమారవుతుందో ఈ-వాల్యూ చెప్తుంది. 2017లో వాండర్‌వీల్, డింగ్ ప్రతిపాదించారు:

```
E = RR + sqrt(RR * (RR - 1))
```

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆడ్స్ రేషియో 1.24ని నేరుగా ఇందులో పెట్టేసి 1.79 అని రాస్తారు. ఐసీయూలో మరణాలు అరుదైనవి కావు కాబట్టి ఆడ్స్ రేషియోని రిస్క్ రేషియోగా వాడకూడదు. ముందు దాని వర్గమూలం తీసుకోవాలి, అది సుమారు 1.11. అప్పుడు ఈ-వాల్యూ 1.47. ఇంటర్వల్ కింది అంచు 1.03కి కూడా ఇలాగే చేస్తే 1.14 వస్తుంది.

దీని అర్థం ఇది: కొలవని ఒక కారణం కాథెటర్ పడే అవకాశాన్నీ చనిపోయే ప్రమాదాన్నీ చెరో 1.14 రెట్లు పెంచగలిగితే చాలు, ఆ అంచు 1కి దిగిపోతుంది. 1.47 రెట్లయితే మొత్తం తేడాకీ అదొక్కటే కారణం కావచ్చు. పడిపోతున్న బీపీకి ఆ బలం లేదని ఏ ఐసీయూ డాక్టరైనా అంటారా?

ఈ-వాల్యూ పెద్దదైనా నిశ్చింతగా ఉండకండి. ఎంత బలం కావాలో చెప్తుందే తప్ప, అలాంటి కారణం ఉందో లేదో అది చెప్పదు. చిన్న చిన్న కారణాలు నాలుగైదు కలిసి కూడా ఆ పని చేయగలవు. అందుకే నేను ఇంకో పని తప్పనిసరి చేస్తాను: మీ దగ్గరున్న బలమైన వేరియబుల్ ఒకదాన్ని, ఇక్కడైతే రోగ తీవ్రత స్కోరు `aps1`ని, తీసేసి మళ్లీ మ్యాచ్ చేయండి. ఫలితం ఎంత కదిలిందో చూస్తే, అంత బలమున్నది ఇంకొకటి కొలవకుండా మిగిలితే ఏమవుతుందో అంచనా దొరుకుతుంది.

వీలైతే, చికిత్స వల్ల మారే అవకాశమే లేని ఒక ఫలితాన్ని కూడా అవే జతల్లో చూడండి. ఫ్లూ టీకా మీద 2006లో అమెరికాలో ఇలాగే చేశారు. టీకా వేసుకున్న వృద్ధుల్లో మరణాలు ఫ్లూ సీజన్ మొదలుకాకముందే తక్కువగా ఉన్నాయి. లేని ఫ్లూ నుంచి టీకా కాపాడలేదు కదా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ముందుగా వచ్చి వేయించుకున్నారన్నమాట. అయితే ఇక్కడ తేడా కనబడకపోయినంత మాత్రాన కన్‌ఫౌండింగ్ లేదని రుజువైనట్టు కాదు.

ఇక పేపర్లో "కొలవని కన్‌ఫౌండింగ్ ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం" అనే అరిగిపోయిన వాక్యం రాయకండి. అదేమిటో పేరు పెట్టి, ఫలితాన్ని ఎటు లాగుతుందో, ఎంత బలం చాలో రాయండి: "తొలి గంటల్లో బీపీ ఎటు కదిలిందో మా డేటాలో లేదు. దిగజారుతున్నవారికే కాథెటర్ ఎక్కువ వేసి ఉంటే మా అంచనా కీడు వైపు వాలుతుంది. రెండు వైపులా 1.14 రెట్ల సంబంధం ఉన్నా ఇంటర్వల్ 1ని తాకుతుంది." ఈ మాటలు చర్చ భాగం చివర్లో దాచకుండా 1.24 పక్కనే పెట్టండి. సారాంశంలో "మరణాలను పెంచింది" అని కాకుండా "మరణాలు ఎక్కువగా కనిపించాయి" అని రాయండి.