అసింప్టోట్ అంటే తాకని గీత అనుకోవద్దు

పిల్లలకు అసింప్టోట్ చెప్పాలంటే ఈ లెక్క వేయించండి. ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కి వ్యాను బాడుగ 1200 రూపాయలు అనుకుందాం. అది వెళ్లినవాళ్లంతా పంచుకోవాలి. తిండి ఖర్చు మాత్రం మనిషికి 50. x మంది వెళితే ఒక్కొక్కరికి పడేది:

y = 50 + 1200/x

పదిమందైతే 170, వందమందైతే 62, 1200 మందైతే 51. (అంతమంది వ్యానులో పట్టరు, గ్రాఫులో పడతారు!) బాడుగ వాటా ఎంత చిన్నదైనా సున్నా కాదు కాబట్టి y ఎప్పటికీ 50కి దిగదు. వక్రరేఖ కుడివైపు సాగేకొద్దీ y = 50 అనే అడ్డగీతకు చేరువవుతూ ఉంటుంది. ఆ గీతే దాని అసింప్టోట్.

దగ్గరవుతూ ఉంటే చాలా? చాలదు. ఇదే వక్రరేఖ y = 40 గీతకూ దగ్గరవుతూనే ఉంది, కానీ ఆ ఎడం ఎన్నడూ 10కి తగ్గదు. అసింప్టోట్‌తో అలా కాదు. ఎంత చిన్న ఎడం అడిగినా, ఒక చోటు దాటాక ఎడం అంతకన్నా తక్కువగానే ఉండాలి. ఇక్కడ పైసా కన్నా తక్కువ కావాలంటే x 1,20,000 దాటితే సరి.

ఇక "అసింప్టోట్‌ను వక్రరేఖ తాకనే తాకదు" అని చాలామంది బట్టీ పడతారు. అది తప్పు. y = x/(x²+1) గీయించి చూడండి. x = 0 దగ్గర అది y = 0 గీతను దాటుతుంది. అయినా x = 10కి ఎడం సుమారు 0.099, x = 100కి సుమారు 0.01. కాబట్టి y = 0 దానికి అసింప్టోటే.